పెదాలు కలవకపోతే కుక్కను చూపించాడు

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకటే గోల. మూడు గంటల సినిమా, వందల కోట్ల ఖర్చు, బయటికొచ్చాక చెవుల్లో హోరు తప్ప ఏమీ మిగల్లేదన్నారు. డబ్బుల్లేకుండా తీసిన మంచి సినిమా ఒకటి చెప్పమన్నారు కదా, ఒకటే చెబుతాను. కాకపోతే దాన్ని ఎలా తీశారో కూడా చెబుతాను, అది తెలిస్తే చూడటంలో రుచి పెరుగుతుంది. ఇందులో తుపాకులూ రక్తమూ ఉంటాయి. మీరు డిగ్రీకొచ్చారు కాబట్టి సరే, చిన్నదాన్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి.

సినిమా పేరు 'ఎల్ మరియాచి'. స్పానిష్ భాష. తీసింది రాబర్ట్ రోడ్రిగెజ్, అమెరికాలో టెక్సస్ కుర్రాడు. 1991లో సరిహద్దు దాటి మెక్సికోలోని సియుడాడ్ అకూన్యా అనే ఊళ్లో షూటింగ్ చేసినప్పుడు అతనికి ఇరవై మూడేళ్లు. ఖర్చు 7 వేల డాలర్లకు కాస్త పైన. అందులో 3 వేలు ఎలా వచ్చాయంటే, ఒక మందుల పరిశోధన కేంద్రంలో నెల రోజులు ఉండి, కొలెస్ట్రాల్ తగ్గించే మందును తన ఒంటి మీద ప్రయోగించుకోనిచ్చాడు. స్క్రిప్టు అక్కడే రాసుకున్నాడు. విలన్ వేషానికి మనిషి కూడా అక్కడే దొరికాడు, పక్కన ఉన్న మరో వాలంటీర్. అతనికి స్పానిష్ రాదు, డైలాగులు బట్టీపట్టి చెప్పాడు.

ముందు కథ సంగతి చూడండి. మనవాళ్లు సాధారణంగా కథ అనుకుని, తర్వాత దానికి కావాల్సినవన్నీ వెతుక్కుంటారు. ఇతను తన దగ్గరా, స్నేహితుడు కార్లోస్ గయ్యార్దో దగ్గరా, ఆ ఊళ్లోనూ ఏమేం ఉన్నాయో చూసుకుని వాటి చుట్టూ కథ అల్లాడు. ఒక బార్, ఒక బస్సు, ఒక కుక్క, ఒక గిటార్ పెట్టె. హీరో కూడా ఆ కార్లోసే. నల్లబట్టలేసుకుని గిటార్ పెట్టెతో పని వెతుక్కుంటూ ఒక పాటగాడు ఊళ్లోకొస్తాడు. అదే సమయంలో, నల్లబట్టల్లోనే, అలాంటి పెట్టెలోనే తుపాకులు పెట్టుకుని ఒక హంతకుడు కూడా వస్తాడు. రౌడీలకు తెలిసిన ఆనవాలు ఆ రెండే. ఇక టెన్షన్‌కు పైసా ఖర్చు లేదు. ఏ పెట్టెలో ఏముందో మనకు తెలుసు, ఆ బార్‌లో కూర్చున్నవాళ్లకు తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి, సౌండు. అరువు తెచ్చిన 16 ఎం.ఎం. కెమెరా నడుస్తుంటే బాగా చప్పుడు చేస్తుంది. దాంతో మాటలు అక్కడికక్కడే రికార్డు చేయడం కుదరదు. మన సినిమాల్లో అయితే ఎప్పుడో తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో, తెర మీద బొమ్మ చూస్తూ మళ్లీ చెబుతారు. థియేటర్‌కు ఇతని దగ్గర డబ్బేదీ? అందుకని షాట్ తీసేసి, కెమెరా ఆపి, నటుడి నోటి దగ్గరే మైకు పెట్టి అవే మాటలు వెంటనే మళ్లీ చెప్పించి టేపులో ఎక్కించుకున్నాడు. ఆ ఊపు ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి వేగం దాదాపు అదే వస్తుంది. నేను కొన్నాళ్లు ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను కదా, ఈ 'దాదాపు'తో ఎంత చిక్కో నాకు తెలుసు. మొదటి నాలుగు మాటలు పెదాలకు అతికినట్టు సరిపోతాయి, ఐదో మాటకు జారిపోతుంది.

జారిన ప్రతిచోటా రోడ్రిగెజ్ ఒకే పని చేశాడు: కట్. వింటున్నవాడి ముఖమో, అక్కడున్న కుక్కో తెర మీదికొస్తుంది. మాట మాత్రం వెనక సాగుతూ ఉంటుంది. మళ్లీ కలిసే చోట మాట్లాడేవాడి మీదికి వస్తాడు. సినిమా మొత్తం ఇంత చకచకా సాగడానికి పెద్ద కారణం ఇదే. జనం దాన్ని అతని స్టైల్ అన్నారు. నన్నడిగితే స్టైల్ అంటే చాలాసార్లు ఇలాంటి చిక్కులోంచి పుట్టిందే.

తుపాకులదీ అదే కథ. కొన్ని అక్కడి పోలీసుల దగ్గర అరువు తెచ్చిన నిజమైనవి. వాటిలో ఉత్త మందు తూటాలు వేస్తే ఒకసారి పేలి ఆగిపోయేవి, వరసగా పేలేవి కావు. అందుకని ఒక్కో పేలుడును ఒక్కో వైపు నుంచి తీసి, ఎడిటింగ్‌లో వాటిని పక్కపక్కన పెట్టి, వెనక దడదడ సౌండు వేశాడు. చూసేవాడి చెవి వరస పేలుళ్లు విని, కన్ను కూడా చూసిందనే అనుకుంటుంది. కెమెరా కదలాలంటే పట్టాలూ ట్రాలీ లేవు, వీల్‌చైర్‌లో కూర్చుని తోయించుకున్నాడు. క్లాప్ బోర్డు కొడితే ఫిల్ము దండగని, నటులు సీను నంబరు వేళ్లతో చూపించేవాళ్లు. ఆ ఫ్రేములో లేని నటుడే ఆ పూటకు అసిస్టెంటు.

అన్నీ గొప్పగా కుదిరాయని మాత్రం అనుకోకండి. ఫిల్ము ఖర్చుకు భయపడి చాలావరకు ఒక్క టేకుతోనే సరిపెట్టాడు. అందువల్ల కొందరి నటన కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, కొన్ని తప్పులు తెర మీద అలాగే ఉండిపోయాయి. ఇంకొకటి, '7 వేల డాలర్ల సినిమా' అనే మాట సగమే నిజం. అతను ఆ డబ్బుతో తయారు చేసింది స్పానిష్ వీడియో మార్కెట్‌లో అమ్ముకోవడానికి ఒక వీడియో కాపీ, అంతే. కొలంబియా అనే హాలీవుడ్ సినిమా కంపెనీ కొన్నాక, దాన్ని థియేటర్లో ఆడే ప్రింటుగా మార్చి సౌండు సరిచేయడానికి దాదాపు 2 లక్షల డాలర్లు పెట్టింది. ఇది చెప్పకుండా కుర్రాళ్లను ఊరించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. 1993లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు తెచ్చుకుంది మాత్రం కథ వల్లా ఆ కట్టింగ్ వల్లానే, అది వేరే మాట.

ఇక్కడో తేడా గమనించండి. డబ్బుల్లేని సినిమా తీస్తూ పెద్ద సినిమాను అనుకరిస్తే తేలిపోతుంది. నాసిరకం గ్రాఫిక్స్‌లో కోట పేలుతుంటే మనకు పేలుడు కనిపించదు, పేదరికం కనిపిస్తుంది. రోడ్రిగెజ్ కోట జోలికే పోలేదు. మన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) కూడా అంతే. వెంకటేష్ మహా విశాఖలోని ఆ పేటకు వెళ్లి, ఎక్కువమందిని అక్కడివాళ్లనే నటింపజేశాడు. స్టార్లు లేరు కాబట్టి ఎవరి మీదా మనకు ముందే అంచనా ఉండదు. ఏ పాత్ర ఎటు పోతుందో చివరిదాకా తెలియకపోవడానికి అదీ ఒక కారణం. ఇద్దరు పెద్ద హీరోలను పెట్టి తీసి ఉంటే ఆ ముగింపు అంత బలంగా తగిలేది కాదని నా అనుమానం.

ఈ ఆదివారం 'ఎల్ మరియాచి' చూస్తే, మొదట మామూలుగా చూసేయండి. తర్వాత బార్‌లో ఇద్దరు మాట్లాడుకునే సీను ఒకటి తీసుకుని, పెదాల మీదే కన్నుంచి, ఏ మాట దగ్గర కెమెరా పక్కకు తప్పుకుందో రాసుకోండి. కాల్పుల సీను ఒకటి సౌండు తీసేసి చూడండి. ఒకే షాట్‌లో ఒక తుపాకీ రెండుసార్లు పేలడం ఎక్కడైనా కనబడితే నాకు రాయండి, నేనూ మళ్లీ వేసుకుని చూస్తాను.

అమ్మమ్మ ఆవకాయ జాడీ మీ అమ్మతో పంపుతోంది.

మీ తాతయ్య