తిరిగే తలకు కొత్త ముఖం: ట్రాకింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఒక చిన్న గదిలో కూర్చుని స్థానికంగా తీసే లఘుచిత్రాలకు కంపోజిటింగ్, అంటే విడివిడిగా తీసిన దృశ్యాలను ఒకే చిత్రంగా కలిపే పని చేస్తుంటాను. డూపు ముఖం మీద నటుడి ముఖం అమర్చే పని వచ్చినప్పుడల్లా తీసినవారి దగ్గర నుంచి, కొత్తగా ఈ పని నేర్చుకుంటున్న తమ్ముళ్ల దగ్గర నుంచి నాకు వినిపించే మాటలు దాదాపు ఒకటే. అవన్నీ ట్రాకింగ్ గురించే, అంటే ప్రతి ఫ్రేములోనూ తల కదలికను వెంబడించి నమోదు చేయడం గురించే. వాటిని ఒక్క షాటు ఆధారంగా పరిశీలించడం మేలని నాకనిపించింది.

ఆ షాటు గజపతినగరం దగ్గర ఒక పల్లెలో తీశారు. కథానాయకుడు తప్పెటగుళ్లు ఆడాలి, ఆయనకు ఆ ఆట రాదు. అందువల్ల గజ్జెలు కట్టి, గుండెల మీద తప్పెట వాయిస్తూ ఆడడంలో ఆరితేరిన ఒక కళాకారుడు డూపుగా ఆడాడు. ఇద్దరి అంగీకారమూ రాతపూర్వకంగా తీసుకున్నారు. షాటు నిడివి 2 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 50 ఫ్రేములు. స్టాండు మీద ఉన్న కెమెరా లెన్సు ఫోకల్ లెంగ్తు 35 మిల్లీమీటర్ల నుంచి 70కి మారుతూ జూమ్ అవుతుండగా, ఆటగాడు 4 మీటర్ల దూరం నుంచి 3 మీటర్ల దూరానికి ముందుకు వచ్చి, చివరలో తలను ఒక్కసారిగా పక్కకు తిప్పుతాడు. ఆ తిప్పడం 60 డిగ్రీలు, దానికి పట్టినవి 6 ఫ్రేములు మాత్రమే.

అపోహ: ముఖం మీద నాలుగు గుర్తులు పట్టుకుని వాటికి కొత్త ముఖాన్ని అతికిస్తే అది తలతోపాటే కదులుతుంది.

వాస్తవం: తెర మీద ఒక బిందువును వెంబడిస్తే దాని స్థానం తెలుస్తుంది. రెండు బిందువులు ఉంటే తల భుజం వైపు ఎంత వాలిందో, ముఖం ఎంత పెద్దదయిందో కూడా తెలుస్తుంది. నాలుగు బిందువులతో ఒక బల్లపరుపు తలం వంపును పట్టుకోవచ్చు. గోడ మీది పోస్టరుకు అది సరిపోతుంది గాని, ముఖం బల్లపరుపుగా ఉండదు. మెడ మీద తల తిరిగే ఇరుసు నుంచి ముక్కు కొన సుమారు 11 సెంటీమీటర్లు ముందుకు ఉంటే, చెవులు ఆ ఇరుసుకు అటూ ఇటూ దాదాపు అదే వరుసలో ఉంటాయి. తల పక్కకు తిరిగినప్పుడు ముక్కు తెరకు అడ్డంగా పరుగెత్తుతుంది, చెవి మాత్రం మొదట్లో కెమెరా వైపుకో, దూరానికో కదులుతుంది గనుక తెర మీద నిలిచే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ రెండు కదలికలనూ ఒక చదునైన తలంతో సరిపెట్టాలని చూస్తే ముక్కు దగ్గర కుదిరింది చెవి దగ్గర జారుతుంది.

అందుకే ఇలాంటి షాటుకు తల ఆకారంలో ఉన్న త్రిమితీయ నమూనాను డూపు తల కొలతలకు సరిచేసి, దాన్ని ప్రతి ఫ్రేములోనూ తల మీద కూర్చోబెట్టాలి. డూపు తల వెడల్పును నేను టేపుతో కొలిచి రాసుకున్నాను, 15 సెంటీమీటర్లు వచ్చింది. నమూనా వెడల్పు సరిగ్గా ఉండి లోతు తప్పితే, అంటే ముక్కు నుంచి చెవికి దూరం తక్కువగా ఉంటే, ఎదురుగా చూసే ఫ్రేములన్నీ చక్కగా ఉండి తిరిగిన ఫ్రేముల్లోనే తప్పు బయటపడుతుంది. కాబట్టి ఎదురు ఫొటోతోపాటు పక్క నుంచి తీసిన ఫొటో కూడా తప్పనిసరి.

గుర్తులు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. దవడ, పెదవుల చివరలు, కనుబొమలు తలతో సంబంధం లేకుండా తమంతట తాము కదులుతాయి. వాటిని నమ్మితే, ఆటగాడు పాట అందుకున్నప్పుడల్లా తల కిందికి వాలుతోందని ట్రాకరు అనుకుంటుంది. ముక్కు దూలం, కళ్ల లోపలి మూలలు, కణతలు, చెంప ఎముక పైభాగం, చెవి మొదలు వంటి ఎముకను అంటిపెట్టుకున్న చోట్లే ఆధారం. ఆ రోజు నేను చేసిన పొరపాటు వేరు. కాటుకతో పెట్టిన చుక్కలు రెండో టేకుకే చెమటకు కారిపోవడంతో, ఆటగాడు తలకు చుట్టుకున్న తువ్వాలు మీద రెండు తెల్లటి గుర్తులు అంటించాను. తల విసురుగా తిరిగినప్పుడు తువ్వాలు ఒక ఫ్రేము ఆలస్యంగా తిరిగింది. ఆ రెండు గుర్తులనూ లెక్కలోంచి తీసేసి, చెంప మీద అతనికి పుట్టుకతో ఉన్న ఒక మచ్చను పట్టుకున్నాక గాని నమూనా నిలకడగా కూర్చోలేదు.

అపోహ: జూమ్ అయినా, మనిషి దగ్గరికి వచ్చినా ముఖం పెద్దదే అవుతుంది గనుక పరిమాణం సరిపెడితే చాలు.

వాస్తవం: జూమ్ చేసినప్పుడు చిత్రమంతా ఒకే నిష్పత్తిలో పెద్దదవుతుంది, ముక్కుకూ చెవికీ ఉన్న సాపేక్ష పరిమాణం మారదు. మనిషి దగ్గరికి వస్తే ముక్కు ఎక్కువగానూ చెవి తక్కువగానూ పెద్దవవుతాయి. ముక్కుకూ చెవికీ మధ్య లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. 3 మీటర్ల దూరంలో చెవి ముక్కు కంటే 4 శాతం దూరంగా ఉంటుంది, మీటరున్నర దూరంలో అది 8 శాతం అవుతుంది.

మన షాటులో ముఖం వెడల్పు సుమారు 110 పిక్సెళ్ల నుంచి 300 పిక్సెళ్ల దాకా పెరిగింది. అందులో జూమ్ వల్ల వచ్చింది రెండు రెట్లు, నడక వల్ల వచ్చింది రెట్టు మీద మూడో వంతు. సాఫ్ట్‌వేరుకు ఈ సంగతి తెలియదు. ఫోకల్ లెంగ్తు మారదని మనం చెబితే, ఆటగాడు 4 మీటర్ల నుంచి మీటరున్నరకు వచ్చాడని అది నమ్ముతుంది. అప్పుడు నమూనాలో చెవి స్థానం 4 శాతం తప్పుతుంది. ముఖం మధ్య నుంచి చెవికి 150 పిక్సెళ్లు ఉన్నాయి గనుక అది 6 పిక్సెళ్ల తప్పు. ముఖం అంచు చెవి ముందు కలిసే చోట 6 పిక్సెళ్ల జారుడు పెద్ద తెర మీద ఎవరికైనా కనిపిస్తుంది.

ఈ రెంటినీ విడదీసేది వెనుకనున్న దృశ్యమే. షాటులో ఆటగాడి వెనుక ఒక కరెంటు స్తంభమూ, ఒక పెంకుటింటి మూలా ఉన్నాయి. అవి కదలవు, కెమెరా కూడా స్టాండు మీద నిలిచే ఉంది. కాబట్టి వాటి మధ్య దూరం తెర మీద ఎంత పెరిగిందో అంతా జూమ్ వల్ల వచ్చినదే. ముందుగా నేపథ్యం ఆధారంగా ప్రతి ఫ్రేముకూ ఫోకల్ లెంగ్తు తేల్చుకుని, దానికి తాళం వేసి, ఆ తర్వాతే తలను పరిష్కరించాలి. రెంటినీ ఒకేసారి సాఫ్ట్‌వేరుకు వదిలేస్తే ఒకదాని తప్పును మరొకదానితో పూడ్చి, అంకెల్లో బాగుందనిపించే జవాబు ఇస్తుంది. ఆ జవాబుతోనే నాకు రెండు రాత్రులు వృథా అయ్యాయి.

అపోహ: మోషన్ బ్లర్, అంటే వేగంగా కదిలేదానికి పడే మసక, చివర్లో ఒక ఫిల్టరు వేస్తే వచ్చేస్తుంది.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ షాట్లు ఇక్కడే చెడుతున్నాయి. సెకనుకు 25 ఫ్రేములకు షట్టరు 180 డిగ్రీలు పెడితే, ప్రతి ఫ్రేములోనూ షట్టరు సెకనులో 50వ వంతు సేపు తెరిచి ఉంటుంది. అంటే ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు వస్తువు ఎంత కదిలిందో అందులో సగం పొడవు మసక చారగా పడుతుంది.

ఈ లెక్కను తల తిప్పడానికి వర్తింపజేద్దాం. వేగం సమానమనుకుంటే ఫ్రేముకు 10 డిగ్రీలు. తెర మీద సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు. మొదటి ఫ్రేములో ముక్కు కొన దాదాపు 38 పిక్సెళ్లు కదులుతుంది, దాని చార 19 పిక్సెళ్లు. అదే ఫ్రేములో చెవి కదిలేది సుమారు 2 పిక్సెళ్లు, దాని చార ఒక్క పిక్సెల్. ఆరో ఫ్రేముకు వచ్చేసరికి ముక్కు కదలిక 22 పిక్సెళ్లకు తగ్గుతుంది, కెమెరా వైపు వచ్చిన చెవి కదలిక 21కి పెరుగుతుంది. ముఖమంతటికీ ఒకే పొడవున మసక వేసే ఫిల్టరు ఏ ఫ్రేములోనూ ఈ తేడాను చూపలేదు. మసక త్రిమితీయ నమూనా కదలిక నుంచే పుట్టాలి, అంటే నమూనా మీద నటుడి ముఖాన్ని పరిచి, షట్టరు తెరిచి ఉన్న వ్యవధి అంతటా దాన్ని కదిలిస్తూ రెండర్ చేయాలి. ఇందుకు నటుడి ముఖాన్ని విడిగా వేగమైన షట్టరుతో, అదే వెలుగులో, తలను నెమ్మదిగా తిప్పించి తీసుకోవాలి. అప్పటికే మసకబారిన ముఖానికి మళ్లీ మసక వేస్తే చార రెట్టింపవుతుంది.

ఇంత చేసినా ముఖం తలకంటే ముందు పరుగెత్తుతున్నట్టు అనిపించవచ్చు. మా దర్శకుడు మానిటరు ముందు కూర్చుని, "అన్నా, తల తిరగకముందే మొహం తిరిగిపోతోంది" అన్నాడు. ఆయన చూసింది నిజమే. మసకగా ఉన్న ఫ్రేములో మనం గాని ట్రాకరు గాని పట్టుకునేది చార నడిమిని, అంటే షట్టరు తెరిచి ఉన్న వ్యవధిలో మధ్య క్షణాన్ని. ఆ స్థానాన్ని 40వ ఫ్రేము అని నమోదు చేశాం. రెండర్ మాత్రం షట్టరును 40 దగ్గర తెరిచి 40.5 దగ్గర మూస్తే, దాని నడిమి 40.25 అవుతుంది. పావు ఫ్రేము తేడాకు 38 పిక్సెళ్ల వేగంలో 9 పిక్సెళ్లకు పైనే ముఖం ముందుకు పడుతుంది. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేరు న్యూక్‌లో ScanlineRender నోడ్‌లో shutter offset అనే అమరిక మొదట start మీద ఉంటుంది, దాన్ని centred చేయాలి. త్రిమితీయ సాఫ్ట్‌వేరు బ్లెండర్‌లో మోషన్ బ్లర్ కింద Position అనే చోట Center on Frame ఉందో లేదో చూసుకోవాలి.

ఈ లోపాన్ని మిగతా వాటి నుంచి గుర్తుపట్టడం సులువు. తల నిలిచిన ఫ్రేముల్లో ముఖం సరిగ్గా కూర్చుని, వేగం పెరిగినకొద్దీ కదిలే దిశలోనే ముందుకు జారితే అది షట్టరు సమయం తప్పు. వేగంతో నిమిత్తం లేకుండా, తల పక్కకు తిరిగి నిలిచినప్పుడు కూడా చెవి దగ్గర జారుడు ఉంటే అది నమూనా లోతులోనో ఫోకల్ లెంగ్తులోనో ఉన్న తప్పు.

అపోహ: ట్రాక్ వణుకుతుంటే కదలికను చూపే గీతను నునుపు చేస్తే సరిపోతుంది.

వాస్తవం: గజ్జె కాలు నేలను తాకిన ప్రతిసారీ ఆటగాడి తల అదురుతుంది. నునుపు చేస్తే ఆ అదురు కూడా పోతుంది, డూపు మెడ అదురుతూ నటుడి ముఖం మాత్రం తేలుతూ కనిపిస్తుంది. వణుకు నిజంగా ట్రాకుదేనా అని తేల్చుకోవడానికి నేను నమూనా మీద నలుపు తెలుపు గళ్లను పరిచి, తల తెర మధ్యలో కదలకుండా ఉండేలా షాటును స్థిరపరచి చూస్తాను. గళ్లు నిలిచి ఉండి నేపథ్యం ఊగితే ట్రాకు మంచిది. గళ్లే చర్మం మీద ఈదుతుంటే, ఏ ఫ్రేముల్లో ఈదుతున్నాయో చూసి వాటిని చేత్తో సరిచేస్తాను. తల తిరిగే ఆ 6 ఫ్రేముల్లో స్వయంచాలక ట్రాకును పూర్తిగా తీసేసి, ముందూ వెనుకా స్పష్టంగా ఉన్న ఫ్రేముల మధ్య నమూనాను చార నడిమికి సరిపెట్టుకుంటూ వచ్చాను.

మా షాటులో చివరి రెండు ఫ్రేముల దగ్గర మాత్రం ట్రాకింగ్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. డూపు ముక్కు నటుడి ముక్కు కంటే పొడవు, తల 60 డిగ్రీలకు చేరేసరికి దాని కొన కొత్త ముఖం అంచు దాటి బయటికి కనిపించింది. దాని వెనుకనున్న పెంకుటింటి గోడను వేరే ఫ్రేము నుంచి తెచ్చి అక్కడ నింపి, ఆ అంచుకు కూడా 22 పిక్సెళ్ల కదలికకు తగిన 11 పిక్సెళ్ల మసక ఇచ్చి షాటు అప్పగించాను.