లోగో కనీస సైజు ఎంత? ఒక పేజీ బ్రాండ్ గైడ్‌పై అపోహలు - వాస్తవాలు

చిన్న కంపెనీలకు లోగోలు చేసిచ్చే పని నాది. లోగో ఫైళ్లతో పాటు ఒక పేజీ బ్రాండ్ గైడ్ కూడా ఇస్తాను. ఆ పేజీ చూసేది ఎక్కువగా డిజైనర్లు కాదు. బోర్డు తయారుచేసేవాళ్లు, ప్రెస్‌లో పనిచేసేవాళ్లు, ఆఫీసులో రేపటి మీటింగ్ కోసం హడావిడిగా ప్రెజెంటేషన్ చేస్తున్న ఉద్యోగి. కంపెనీ విలువల గురించి రెండు పేరాలు రాస్తే వాళ్లకేం ఉపయోగం? చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎంత వరకు చిన్నది చేయొచ్చు, ఏ నంబరు రంగు, ఏ ఫాంటు అన్నవి తెలిస్తే వాళ్ల పని అయిపోతుంది. ఈ నాలుగూ ఒక పేజీలో హాయిగా పడతాయి.

మాట స్పష్టంగా ఉండటానికి ఒక లోగోను ఊహించుకుందాం. వెడల్పు 40 మి.మీ., ఎత్తు 10 మి.మీ. ఎడమవైపు 10 మి.మీ. గుండ్రటి గుర్తు, అందులో సన్నటి గీతలు. కుడివైపు కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ట్యాగ్‌లైన్. రంగులు నీలం, నారింజ. కింద చెప్పే లెక్కలన్నీ దీనివే.

అపోహ: "లోగో చుట్టూ ఒక సెంటీమీటర్ వదలండి" అని రాస్తే చాలు

సెంటీమీటర్లలో రాసిన రోజే ఆ నియమం పాడైపోయినట్టు. పెన్ను మీద 20 మి.మీ. లోగో చుట్టూ ఒక సెంటీమీటర్ వదలడానికి చోటే ఉండదు. మూడు మీటర్ల బోర్డు మీద అదే సెంటీమీటర్ కంటికి ఆనదు. అందుకే ఖాళీని లోగోలోని ఒక భాగంతోనే కొలవాలి. అప్పుడు లోగో పెరిగితే ఖాళీ కూడా పెరుగుతుంది.

ఏ భాగంతో కొలవాలన్నదే అసలు నిర్ణయం. చాలామంది పేరులోని మొదటి అక్షరం ఎత్తు తీసుకుంటారు. నేను వీలైనంత వరకు గుర్తునే తీసుకుంటాను. ఎందుకంటే చిన్న సైజుల్లో పేరు తీసేసి గుర్తు ఒక్కటే వాడే సందర్భం వస్తుంది. అప్పుడు కొలవడానికి అక్షరమే ఉండదు. మన లోగోకు నియమం ఇది: నాలుగు వైపులా గుర్తు ఎత్తులో సగం ఖాళీ. 40 మి.మీ. లోగోకు అది 5 మి.మీ.

ఇక బోర్డు చేసేవాళ్ల లెక్క చూడండి. బోర్డు 3 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు. లోగో వెడల్పు దాని ఎత్తుకు నాలుగింతలు. రెండు పక్కలా సగం సగం ఖాళీ కలిపితే మొత్తం వెడల్పు అయిదింతలు, పైనా కిందా కలిపితే మొత్తం ఎత్తు రెండింతలు. వెడల్పు ప్రకారం లోగో ఎత్తు 60 సెం.మీ. వరకు వెళ్లొచ్చు, కానీ బోర్డు ఎత్తు ప్రకారం 50 సెం.మీ. దాటకూడదు. కాబట్టి లోగో 200 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. ఎత్తు. ఎవరికీ ఫోన్ చేయకుండానే సైజు తేలిపోయింది.

ఇంకో రెండు విషయాలు ఆ పేజీలోనే రాయాలి. ఖాళీని లోగో కనిపించే అంచు నుంచి కొలవాలి, ఫైల్ అంచు నుంచి కాదు. ఫైల్ చుట్టూ ముందే పారదర్శకమైన ఖాళీ ఉంటే ఒకరు దాన్ని కత్తిరిస్తారు, ఇంకొకరు దాని మీద మళ్లీ ఖాళీ వదులుతారు. అందుకే నేను ఫైళ్లను అంచుకు ఆనించే ఇస్తాను. రెండోది, కాగితం అంచు కూడా అడ్డంకే. లోగో పక్కన వేరే బొమ్మ లేకపోయినా మూలకు అతుక్కుపోయినట్టు పెడితే నియమం తప్పినట్టే.

అపోహ: వెక్టర్ లోగో ఎంత చిన్నదైనా చెక్కుచెదరదు

నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే. వెక్టర్ ఫైలు బొమ్మను పిక్సెళ్లుగా కాకుండా లెక్కతో గీసిన రేఖలుగా దాచుకుంటుంది కాబట్టి అందులో ఆకారం చెదరదు, నిజమే. కానీ దాన్ని చూపించేది ఇంకు, కాగితం, పిక్సెల్, దారం. వాటికి ఒక పరిమితి ఉంది.

కనీస సైజును ఊహతో నిర్ణయించకూడదు, లోగోలో అన్నిటికంటే సన్నగా ఉన్న భాగంతో లెక్కగట్టాలి. మన గుర్తులోని గీత మందం 40 మి.మీ. సైజులో 0.2 మి.మీ. అనుకుందాం. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో తెల్ల కాగితం మీద ఒకే ఇంకుతో పడే గీతకు సాధారణంగా పావు పాయింటు, అంటే సుమారు 0.09 మి.మీ., కనీస మందంగా పెట్టుకుంటారు. ఆ లెక్కన లోగోను 18 మి.మీ. వెడల్పు వరకు తగ్గించొచ్చు. నేను కొంచెం భద్రత కోసం 20 అని రాస్తాను.

నీలం నేల మీద తెల్ల లోగో వేస్తే లెక్క మారిపోతుంది. అక్కడ ఇంకు చుట్టుపక్కల నుంచి లోపలికి వ్యాపించి తెల్ల గీతను మింగేస్తుంది. పైగా ఆ నీలం రెండు మూడు ఇంకుల కలయిక అయితే, ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా గీత పూడిపోతుంది. అందుకే తెల్ల గీతకు కనీసం అర పాయింటు, సుమారు 0.18 మి.మీ. కావాలి. అంటే అదే లోగో ఇప్పుడు 36 మి.మీ. కంటే చిన్నది కాకూడదు. చాలా గైడ్‌లలో కనీస సైజు అని ఒకే అంకె ఉంటుంది. ముదురు నేలకు వేరే అంకె రాయకపోతే విజిటింగ్ కార్డు వెనకవైపు గుర్తు మధ్యలో ఒక మచ్చలా కనిపిస్తుంది.

ట్యాగ్‌లైన్ సంగతి ఇంకా ముందే తేలిపోతుంది. 40 మి.మీ. లోగోలో దాని అక్షరం ఎత్తు 1.2 మి.మీ. అంటే దాదాపు 5 పాయింట్ల అక్షరం. అంతకంటే తగ్గితే చదవడానికి కళ్లు చికిలించాలి. కాబట్టి మన పేజీలో మూడు మెట్లు ఉంటాయి. 40 మి.మీ., ఆ పైన పూర్తి లోగో. 40 కంటే తక్కువైతే ట్యాగ్‌లైన్ తీసేయాలి. 20 కంటే తక్కువైతే, ముదురు నేల మీద 36 కంటే తక్కువైతే, పేరు కూడా తీసేసి లోపలి గీతలు లేకుండా విడిగా గీసిన గుర్తు ఒక్కటే వాడాలి. ఆ గుర్తును ముందే ఫైలుగా ఇవ్వాలి. లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు పెద్ద లోగోను కోసుకుంటారు.

స్క్రీన్‌కు మి.మీ. పనికిరావు, పిక్సెళ్లలో రాయాలి. గీత మందం లోగో వెడల్పులో 200వ వంతు కాబట్టి, గీత ఒక పూర్తి పిక్సెల్ కావాలంటే లోగో 200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. అంతకంటే తగ్గితే గీత తెగిపోదు, బూడిద రంగులోకి వెలిసిపోతుంది. పిక్సెళ్లు రెట్టింపు దట్టంగా ఉన్న ఫోన్ స్క్రీన్లలో 100 దాకా పర్వాలేదు. బ్రౌజర్ ట్యాబ్‌లోని 16 పిక్సెళ్ల చతురస్రంలో మాత్రం గీతలు లేని గుర్తే దిక్కు. ఇక ఎంబ్రాయిడరీకి ఈ లెక్కలేవీ కుదరవు. మామూలుగా వాడే దారమే సుమారు 0.4 మి.మీ. మందం ఉంటుంది. చొక్కా జేబు మీదికి కూడా గీతలు లేని గుర్తే పంపండి.

ప్రింటు తీసి చూడటమే పరీక్ష. పేజీకి సరిపడేలా సైజు మార్చే ఆప్షన్ ఆపేసి, 100 శాతంలో తీసి, స్కేలు పెట్టి కొలవాలి. ఆఫీసు లేజర్ ప్రింటర్ ఆఫ్‌సెట్‌తో సమానం కాదు. కానీ దాని మీదే పూడిపోయిన గీత ప్రెస్‌లో బాగుపడుతుందని ఆశ పెట్టుకోకండి.

అపోహ: హెక్స్ కోడ్ ఇచ్చేశాం, ఇక రంగు మారదు

మన నీలం `#0047FF` అనుకుందాం. ఇది స్క్రీన్ వెలుగుకు రాసిన అంకె. ప్రెస్‌కు సీఎంవైకే, అంటే నాలుగు ఇంకుల శాతాలు, కావాలి. ఈ కోడ్‌ను సూత్రం ప్రకారం మారిస్తే సయాన్ 100, మజెంటా 72, పసుపు 0, నలుపు 0 వస్తుంది. అలాగే ప్రింటుకు పంపితే కార్డు ఊదా రంగులో వస్తుంది. నీలంలో సయాన్‌కు, మజెంటాకు మధ్య కనీసం 30 తేడా ఉంచాలని ప్రింటింగ్‌లో అందరూ పాటించే జాగ్రత్త ఒకటుంది. ఇక్కడ తేడా 28 మాత్రమే. నేనైతే 100, 60, 0, 5 దగ్గర మొదలుపెట్టి, వాడబోయే కాగితం మీదే నమూనా తీయించి ఖాయం చేస్తాను. స్క్రీన్ మీది మెరుపు కాగితం మీద రాదు. ఆ నీలం సీఎంవైకే పరిధిలోనే లేదు. ఈ మాట క్లయింటుకు ముందే చెప్పేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

ముందే కలిపిన ఇంకు రంగులకు ఉండే పాంటోన్ నంబరు కూడా ఉండాలా? అలా ముందే కలిపిన స్పాట్ ఇంకుతో ఎప్పుడూ ప్రింట్ చేయించని కంపెనీకి ఆ నంబరు అలంకారమే. రాస్తే మాత్రం చివరి అక్షరంతో సహా రాయండి. C అంటే నునుపు పూత ఉన్న కాగితం మీద కనిపించే రంగు, U అంటే పూత లేని కాగితం మీద కనిపించేది. ఇంకు ఒకటే అయినా రంగు వేరుగా కనిపిస్తుంది. బోర్డు కోసం వినైల్ షీట్ ఎంచుకున్నాక దాని షేడ్ నంబరును కూడా అదే వరుసలో చేర్చండి. రెండో బోర్డు చేయించేటప్పుడు అది నిజంగా పనికొస్తుంది.

అపోహ: రెండూ మన రంగులే కదా, ఒకదాని మీద ఒకటి వాడుకోవచ్చు

మన నారింజ `#FF8A00` మీద తెల్ల అక్షరాలు వేస్తే కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగుల మధ్య నిష్పత్తి, సుమారు 2.4 మాత్రమే. వెబ్‌లో అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు 4.5, పెద్ద అక్షరాలకు 3 అడుగుతుంది. నారింజ అక్షరాలను మన నీలం మీద పెట్టినా 2.7 దాటదు, పైగా అంచులు కళ్ల ముందు అదిరినట్టుంటాయి. నీలం మీద తెలుపు 6.3, నారింజ మీద నలుపు 8.9. ఈ రెండు జతలే పేజీలో గీసి చూపిస్తాను. లోగోను సాగదీయొద్దు, వంచొద్దు అంటూ పది తప్పు బొమ్మలు పెట్టే అలవాటు నాకు నచ్చదు. ఆ చోటును ఈ జతలకు ఇస్తే మేలు.

అపోహ: లోగోలో ఉన్న ఫాంటునే అన్నిచోట్లా వాడాలి

లోగోలోని అక్షరాలను ఫైలులో గీతలుగా మార్చేసి ఉంటాం. ఆ ఫాంటు ఎవరి దగ్గరా ఉండక్కర్లేదు. ఉత్తరాలకు, వెబ్‌సైటుకు మామూలు, బోల్డ్ రూపాలున్న ఒకే ఫాంటు కుటుంబం చాలు. కొన్న ఫాంటు అయితే లైసెన్సు చూడండి. కంప్యూటర్‌లో వాడుకునే లైసెన్సుతో వెబ్‌సైటులో పెట్టే హక్కు చాలాసార్లు రాదు. అందుకే చిన్న కంపెనీలకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నవే ఎంచుకుంటాను.

ఫాంటు లేని కంప్యూటర్‌లో ప్రెజెంటేషన్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన ఫాంటు పెట్టేస్తుంది, వరుసలు విరిగిపోతాయి. కాబట్టి ప్రత్యామ్నాయం కూడా రాయాలి: "ఫాంటు లేకపోతే Arial". రెండు లిపుల్లో రాసే కంపెనీ అయితే రెండో లిపికి ఫాంటు పేరు విడిగా కావాలి. Noto Sans అని మాత్రమే రాస్తే అందులో తెలుగు అక్షరాలు ఉండవు, Noto Sans Telugu అని కూడా రాయాలి. వత్తులు కింది వరుసకు తగలకుండా తెలుగుకు వరుసల మధ్య దూరం కాస్త పెంచాలి. ఇంగ్లిషుకు అక్షరం సైజుకు 1.4 రెట్లు పెడితే తెలుగుకు 1.6 రెట్లు పెడతాను.

పేజీ అడుగున ఫైళ్లున్న ఫోల్డర్ లింకు, తేదీ ఉంచండి. ఫైళ్ల పేర్లు చూడగానే అర్థమయ్యేలా ఉండాలి: `logo_full_blue.svg`, `logo_notag_white.svg`, `icon_small_blue.png`.