తలపాగా ఒక కాలానిది, తెల్లరంగు మరో కాలానిది

బరంపురం, పర్లాకిమిడి వైపు పాత తెలుగు ఇళ్లలో తేదీ గానీ చిత్రకారుని సంతకం గానీ లేని తాతముత్తాతల తైలవర్ణ చిత్రాలు కనిపిస్తాయి. ఉదాహరణకు, 1922లో కన్నుమూసిన ఒక పెద్దాయన జరీ తలపాగా, మెడదాకా బొత్తాలున్న పొడవాటి కోటు, జేబు గడియారపు గొలుసుతో కూర్చున్న చిత్రం ఉందనుకుందాం. వేషాన్ని చూడగానే 1910ల నాటిదని చెప్పబుద్ధేస్తుంది. అయితే వేషం చెప్పేది మనిషి కాలాన్నే. పోయినవారి బొమ్మను ఫొటో చూసి గీయించుకోవడం మామూలే కనుక, చిత్రం కాలాన్ని వేరే చోట వెతకాలి.

పటం వెనుక చెక్కకు అంటించిన, పటాలు కట్టే దుకాణం చీటీలో "బరంపురం, గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ" అని ఉంటే అది మంచి ఆధారమే. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది కాబట్టి, చీటీ అంతకుముందు అచ్చయినదై ఉండాలి. కాకపోతే చీటీ పటానిది, బొమ్మది కాదు.

కాన్వాసు నేతలో సెంటీమీటరుకు ఎన్ని పడుగు పోగులు, ఎన్ని పేక పోగులు ఉన్నాయో భూతద్దంతో లెక్కపెట్టవచ్చు. విడిగా ఈ లెక్క సంవత్సరాన్ని చెప్పదు. అదే చిత్రకారుడు తేదీ వేసిన మరో చిత్రం దొరికి, రెండింటి పోగుల హెచ్చుతగ్గులూ సరిపోలితేనే రెండూ ఒకే తానులోంచి కోసినవై ఉండవచ్చునని అనుకోవాలి.

గట్టి సాక్ష్యం తెల్లరంగుది. సీసపు తెలుపు ప్రాచీనమైనది, జింకు తెలుపు పందొమ్మిదో శతాబ్దిది. టైటానియం తెలుపు మాత్రం మొదటి ప్రపంచ యుద్ధకాలం తరువాతే చిత్రకారుల చేతికందింది. అందులోనూ మొదట వచ్చినది అనటేజ్ అనే స్ఫటిక రూపం. రూటైల్ రూపం రంగుల్లో వాడుకలోకి వచ్చింది సుమారు 1940 ప్రాంతంలో. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరం రంగును గోకకుండానే టైటానియం ఉందో లేదో చెబుతుంది, కానీ ఏ రూపమో చెప్పలేదు. అందుకు లేజరు కాంతి రంగు మీద పడి చెదిరే తీరును చూపే రామన్ వర్ణపటం కావాలి. మట్టి రంగుల్లోనూ టైటానియం కొద్దిగా ఉంటుంది కనుక స్వల్ప మోతాదు చూసి తొందరపడకూడదు.

అసలు ప్రమాదం మరమ్మతులతో వస్తుంది. ఎవరో తరువాత దిద్దిన చోట ఆధునిక తెలుపు దొరికితే పాత చిత్రం కూడా కొత్తదిగా కనిపిస్తుంది. అతినీలలోహిత కాంతిలో దిద్దిన చోట్లు తరచు నల్లటి మచ్చల్లా కనబడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ రంగు పాత పగుళ్లలోకి దిగి ఉంటుంది. అందుకే పగుళ్ల అంచున, గుండుసూది తలకన్నా చిన్న రేణువును తీసి, రెజిన్‌లో పోతపోసి, సానపెట్టి పొరలను వరుసగా చూస్తారు.

మన పెద్దాయన కోటు కాలరులో అట్టడుగు పొరలోనే రూటైల్ కనిపిస్తే, ఆ చిత్రం 1940 ప్రాంతానికి ముందుది కాలేదు. అంటే ఆయన పోయాక, బహుశా ఫొటో చూసి గీసినదే. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ చీటీ ఉన్న పటం మరో బొమ్మ నుంచి తెచ్చి తగిలించినదై ఉండవచ్చు; చెక్కలోని పాత మేకుల రంధ్రాలు ఈ బొమ్మ చట్రంతో సరిపోలకపోతే ఆ అనుమానం మరింత బలపడుతుంది.