మూడు సంస్థలు రెండైతే: కూర్నో లెక్కలో దాగిన విలీనం చిక్కు

ఒకే సరుకు అమ్మే మూడు సంస్థల్లో రెండు కలిసిపోతే వాటి లాభం పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. పోటీ తగ్గింది, ధర పెరిగింది, ఇంకేం కావాలి? కానీ 1838లో మొదలైన ఒక నమూనా ఈ మాట ఒప్పుకోదు. ఆ సంగతి అందరి దృష్టికీ రావడానికి దాదాపు 145 ఏళ్లు పట్టింది.

ఆ నమూనా ఫ్రెంచ్ గణితవేత్త ఆంట్వాన్ ఆగస్టిన్ కూర్నోది. ఒకే రకం నీరు ఇచ్చే రెండు ఖనిజ జలపు ఊటలు, వాటికి ఇద్దరు యజమానులు, ఖర్చు సున్నా. ఎవరికి వారు ఎంత నీరు అమ్మాలో నిర్ణయించుకుంటారు, ధరను మార్కెట్ తేలుస్తుంది. ఇద్దరితో ఆగకుండా ముగ్గురు, నలుగురు, ఇంకా ఎక్కువమంది ఉంటే ఏమవుతుందో కూడా ఆయనే చూపించాడు. ఇదంతా రాసిన ఆయన 1838 నాటి పుస్తకాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1883లో జోసెఫ్ బెర్‌ట్రాండ్ పట్టించుకున్నాడు, అదీ తప్పుపట్టడానికి: అమ్మేవాళ్లు పరిమాణాన్ని కాదు, ధరను నిర్ణయిస్తారు కదా అన్నాడు. మిగతావాళ్లు మారనంతవరకు తన నిర్ణయం మార్చుకుని ఎవరూ లాభపడలేని స్థితే సమతౌల్యం అనే భావనను 1950ల మొదట్లో జాన్ నాష్ ఇచ్చాక కూర్నో జవాబు దానికి ఒక ఉదాహరణేనని తేలింది.

లెక్క చేసి చూద్దాం. ధర `P`, అందరి ఉత్పత్తి మొత్తం `Q` అనుకుంటే డిమాండ్ `P = 120 − Q`, ఖర్చు సున్నా, మూడు సంస్థలు. మొదటి సంస్థ ఉత్పత్తిని `q`, మిగతా ఇద్దరి ఉత్పత్తి మొత్తాన్ని `R` అందాం. మొదటి సంస్థ లాభం `q(120 − q − R)`. `R` మారదనుకుని `q` మీద అవకలనం చేస్తే `120 − 2q − R = 0` వస్తుంది. ముగ్గురూ ఒకేలాంటివారు కాబట్టి ఇప్పుడు `R = 2q` పెట్టాలి. `4q = 120`, అంటే ఒక్కొక్కరు 30. మొత్తం 90, ధర 30, ఒక్కొక్కరి లాభం 900.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. అందరూ సమానమే కదా అని అవకలనానికి ముందే `R = 2q` పెట్టేస్తారు. అప్పుడు ఒక్కొక్కరికి 20, మొత్తం 60 వస్తుంది. ఏకస్వామ్యం ఉత్పత్తి చేసేది కూడా సరిగ్గా 60. మొత్తం ఆ అంకె దగ్గర ఆగిందంటే మీరు పోటీని కాదు, ముగ్గురి కుమ్మక్కును లెక్కగట్టారన్నమాట.

సంస్థలు రెండే అయితే `3q = 120`. ఒక్కొక్కరు 40, మొత్తం 80, ధర 40, లాభం 1600 చొప్పున. సంస్థలన్నిటి లాభం కలిపి 2700 నుంచి 3200కి పెరిగింది. విలీనం మంచి బేరంలాగే కనిపిస్తుంది.

అయితే ఆ పెరుగుదల ఎవరి జేబులోకి వెళ్లిందో చూడాలి. కలిసిన రెండు సంస్థలకు మునుపు 900 చొప్పున 1800 వచ్చేది. ఇప్పుడు ఒకే సంస్థగా వచ్చేది 1600. అంటే 200 నష్టం. ఏమీ చేయకుండా బయట కూర్చున్న మూడో సంస్థ లాభం మాత్రం 900 నుంచి 1600కి చేరింది!

కారణం మూడో సంస్థ స్పందనలో ఉంది. అది 30 దగ్గరే ఆగితే, కలిసిన సంస్థ తన ఉత్పత్తిని 60 నుంచి 45కి తగ్గించుకునేది. ధర 45 అయ్యేది, లాభం 2025. కానీ పక్కవాడు తగ్గించాడు, ధర పెరిగింది అంటే మూడోవాడు ఊరుకోడు. 45కి అతని సరైన జవాబు 37.5. దానికి ఇటువైపు మళ్లీ కొంత తగ్గించాలి. ఇలా సాగి సాగి ఇద్దరూ 40 దగ్గర కుదురుకుంటారు. ధర పెంచడానికి త్యాగం చేసింది ఒకరు, ఫలం తిన్నది ఇంకొకరు.

1983లో సాలంట్, స్విట్జర్, రేనాల్డ్స్ దీన్ని సాధారణ రూపంలో నిరూపించారు. డిమాండ్ సరళరేఖలా ఉండి, ఉపాంత వ్యయం, అంటే అదనంగా ఒక యూనిట్ తయారీకి అయ్యే ఖర్చు, అందరికీ ఒకటిగా, స్థిరంగా ఉన్నప్పుడు కనీసం 80 శాతం సంస్థలు కలిస్తే తప్ప విలీనం లాభించదు. మూడింట రెండంటే 67 శాతమే, చాలదు. మూడూ కలిస్తే 2700 కాస్తా 3600 అవుతుంది.

మరి నిజంగా జరిగే విలీనాల మాటేమిటి? ఈ నమూనాలో కలిసిన సంస్థ బయటి సంస్థ కన్నా ఏ విధంగానూ పెద్దది కాదు. రెండు ఫ్యాక్టరీలు కలిపితే ఒకటి మాయమైపోయినట్టే లెక్క. నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది ఇదే. 1985లో పెర్రీ, పోర్టర్ సరిగ్గా ఇక్కడే సవరణ చేశారు: ఆస్తులు కలిస్తే ఖర్చు తగ్గే వీలుంటే కొన్ని విలీనాలు గిట్టుబాటవుతాయి. అదే ఏడాది డెనెకెర్, డేవిడ్సన్ వేరువేరు రకాల సరుకులతో ధరల మీద పోటీ పడే సంస్థలను తీసుకున్నారు. అక్కడ ఒకరు ధర పెంచితే మిగతావాళ్లూ పెంచుతారు కాబట్టి కలిసినవాళ్లకు లాభమే.

మన అంకెల్లోనే ఒక చిన్న మార్పు చేసి చూడవచ్చు. ప్రతి సంస్థకూ `F` అనే స్థిర వ్యయం ఉండి, విలీనంతో ఒక `F` మిగిలితే, పోల్చాల్సినవి `1600 − F`, `1800 − 2F`. `F` 200 దాటితే కలవడమే మేలు. కొనేవాళ్లకు మాత్రం అప్పుడు కూడా ధర 30 నుంచి 40 అవుతుంది. వాళ్ల మిగులు, అంటే ఇవ్వడానికి సిద్ధపడిన ధరకూ నిజంగా ఇచ్చిన ధరకూ మధ్య తేడాల మొత్తం, 4050 నుంచి 3200కి పడిపోతుంది.