వంగిన నడుముకు ఎత్తు ఎంత? ఎంఎన్‌ఏ ఫారంలో ఆరో ప్రశ్న వెనక కథ

ఎంఎన్‌ఏ అంటే మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్. ముసలివాళ్లకు ఒంట్లో పోషణ తగ్గుతోందేమో చూసే ప్రశ్నల ఫారం ఇది. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లోని టూలూజ్ వైద్యులు, అమెరికాలోని న్యూమెక్సికో యూనివర్సిటీ వాళ్లు, స్విట్జర్లాండ్‌లోని నెస్లే పరిశోధనా కేంద్రం కలిసి దీన్ని తయారుచేశారు. అంతకుముందు డాక్టర్లు ఎక్కువగా రక్తంలో ఆల్బుమిన్ చూసేవారు. కానీ జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చినా ఆల్బుమిన్ పడిపోతుంది. అది తిండి తక్కువై పడిందా, జబ్బు వల్ల పడిందా అనేది ఆ అంకె చెప్పలేదు. అందుకే రక్తపరీక్షతో పని లేకుండా, మనిషిని అడిగి, టేపుతో కొలిచి తేల్చే పద్ధతి కావాల్సి వచ్చింది.

1994లో వచ్చిన పూర్తి ఫారంలో 18 ప్రశ్నలు, 30 మార్కులు. రద్దీగా ఉండే ఓపీలో అంత తీరిక ఎవరికీ ఉండదు. 2001లో దాన్ని ఆరు ప్రశ్నలకు, 14 మార్కులకు కుదించారు. ఇప్పుడు 12, అంతకు మించితే ఫర్వాలేదు, 8 నుంచి 11 అయితే ప్రమాదం ఉంది, 7 లేదా అంతకు తక్కువైతే పోషణ లోపం అని లెక్క. ఆరో ప్రశ్న బీఎంఐ. దానికి బరువుతోపాటు ఎత్తు కావాలి. లేవలేనివాళ్లకు ఎత్తు ఎలా కొలుస్తారు? అందుకే 2009లో సవరించినప్పుడు, బీఎంఐ తెలియకపోతే పిక్క చుట్టుకొలత రాసుకోవచ్చన్నారు. 31 సెంటీమీటర్లు, అంతకు మించితే 3 మార్కులు, తక్కువైతే సున్నా. మధ్యలో మెట్టు లేదు.

ఇది మన పీహెచ్‌సీలో ఎలా ఉంటుందో చూద్దాం. కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి బీపీ మాత్రల కోసం 74 ఏళ్ల అవ్వ వచ్చిందనుకోండి. కొడుకు బెంగళూరులో. ఇంట్లో ఒక్కతే.

"ఏమవ్వా, సంగటి ముందు మాదిరే తింటాండావా?" అని నర్సు అడుగుతుంది.

"యాడ తింటానమ్మా, ముందు మాదిరి దిగల్యా."

తిండి కొంత తగ్గింది, 1 మార్కు. బరువు తగ్గిందో లేదో తెలియదంది, దానికీ 1. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, రైక వదులైంది. ఇలాంటివి బరువు ప్రశ్న దగ్గర తప్పకుండా చూడాలి, తగ్గుదల మూడు కిలోలు దాటిందని వీటివల్ల తేలితే ఆ మార్కు సున్నా అవుతుంది. ఇక్కడ అంత స్పష్టంగా తేలలేదు. బయట తిరుగుతుంది, 2. మధ్యలో గట్టి విషజ్వరం వచ్చి పోయింది, 0. మతిమరుపు, దిగులు లేవు, 2. మొత్తం 6.

ఇక ఆరో ప్రశ్న. బరువు 43 కిలోలు. నడుము వంగిపోవడంతో గోడకు నిలబెడితే ఎత్తు 142 సెంటీమీటర్లు. బీఎంఐ 21.3, అంటే 2 మార్కులు. మొత్తం 8, "ప్రమాదం". కానీ ఆ ఎత్తు ఆమె అసలు ఎత్తు కాదు. చేయి పక్కకు చాపించి, గొంతు కింది గుంట నుంచి మధ్యవేలు, ఉంగరపువేలు కలిసే చోటు దాకా కొలిస్తే 66.5 వచ్చింది. ఆడవాళ్లకైతే దాన్ని 1.35తో గుణించి 60.1 కలపాలి. ఎత్తు 150కి కాస్త తక్కువ తేలుతుంది. బీఎంఐ 19.1కి దిగి, మార్కు 1కి పడిపోయింది. మొత్తం 7, "పోషణ లోపం". అదే అవ్వ, అదే రోజు.

అసలు ఎత్తు కన్నా తక్కువ రాస్తే మనిషి ఉన్నదానికంటే బొద్దుగా కనిపిస్తుంది. నా లెక్కలో మన క్లినిక్కుల్లో ఈ ఫారం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎవరూ తప్పు చేసినట్టు కూడా అనిపించదు.

పిక్క కొలత తేలికే. కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట టేపు నొక్కకుండా చుట్టాలి. అయితే కాలికి నీరు పట్టి ఉంటే 29 రావాల్సింది 31 దాటిపోతుంది, ఒక్కసారిగా 3 మార్కులు పెరుగుతాయి. ముందు చీలమండ పైన ఎముకమీద వేలితో నొక్కి, గుంట పడుతుందేమో చూడాలి. పడితే పిక్క కొలతను నమ్మకూడదు. పైగా 31 అనే గీత యూరప్ శరీరాల్ని చూసి గీసింది. మన సన్నటి ఒళ్లకు అది అచ్చంగా సరిపోతుందని చెప్పలేం. తైవాన్ పరిశోధకులు తమవాళ్లకు తగ్గట్టు ఈ కొలతల గీతలు మార్చుకున్నారు.

మార్కు 7 వచ్చిందని వెంటనే పౌడరు డబ్బా రాసివ్వడం నాకు సమ్మతం కాదు. ఫారం లోపం ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. నోట్లో పళ్లు చూడాలి. దగ్గు, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదే ఆకలి చంపుతోందేమో డాక్టరు ఆలోచించాలి. ఆ అవ్వకు రెండు దవడపళ్లే మిగిలాయి. జొన్నరొట్టె నమలలేక మానేసి, మజ్జిగలో సంగటి పిసుక్కుని తాగుతోంది. అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. మెత్తగా ఉడికించిన పప్పు, నూరిన వేరుసెనగ పొడి, గుడ్డు ఆమెకు దొరికేవే, మింగగలిగేవే.

మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. అప్పుడు పనికొచ్చేలా ఈసారి ఓపీ చీటీలో మార్కు పక్కనే "చేయి కొలతతో ఎత్తు" అని రాసిపెట్టాలి. లేకపోతే వచ్చేసారి ఇంకో నర్సు గోడకు నిలబెట్టి కొలిచి 8 వేస్తుంది, అవ్వ బాగుపడిందనుకుంటారు.