గుట్ట ఎత్తు చూసి మోసపోవద్దు: రిడ్జ్‌లైన్ ప్లాట్ మీద అపోహలు, వాస్తవాలు

నల్గొండ జిల్లా నీళ్ల లెక్కలు చూసేవాళ్లకు ఈ బొమ్మ కొత్త కాదు. అడ్డంగా ఫ్లోరైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో. నిలువుగా మండలాల పేర్లు. ఒక్కో పేరు మీద ఒక్కో గుట్ట, ఒకదాని వెనుక ఒకటి, దేవరకొండ దారిలో కనిపించే గుట్టల వరస లాగా. దాన్నే రిడ్జ్‌లైన్ ప్లాట్ అంటారు. చూడ్డానికి తేలిక, తప్పుగా చదవడానికి ఇంకా తేలిక. ఇక్కడ ఉదాహరణకు వాడిన అంకెలు బొమ్మ అర్థం కావడానికి కల్పించినవి, ఏ మండలం సర్వే నుంచీ తీసుకున్నవి కావు.

అపోహ: గుట్ట ఎత్తుగా ఉంటే అక్కడ శాంపిళ్లు ఎక్కువ, లేదా ఫ్లోరైడ్ ఎక్కువ.

రెండూ కాదు. ఫ్లోరైడ్ ఎంతో చెప్పేది గుట్ట ఎక్కడ కూర్చుంది అన్నది, అంటే అడ్డ గీత మీద దాని చోటు. ఎత్తు చెప్పేది విలువలు ఎంత దగ్గర దగ్గరగా గుమిగూడాయన్నది మాత్రమే. మామూలుగా ప్రతి గుట్ట కింది వైశాల్యమూ ఒకటే, అంటే 1. ఒక మండలంలో 8 బోర్ల నీళ్లు పరీక్షించినా, ఇంకో మండలంలో 200 పరీక్షించినా, రెండు గుట్టలూ సమానంగానే కనిపిస్తాయి. అదే ఆకారాన్ని అడ్డంగా నాలుగో వంతుకు నొక్కితే శిఖరం నాలుగింతలు పైకి లేస్తుంది. శాంపిళ్ల సంఖ్య ఒక్కటి కూడా మారదు.

అందుకే మండలం పేరు పక్కనే శాంపిళ్ల సంఖ్య రాయించండి. ఆ అంకె లేని రిడ్జ్‌లైన్ ప్లాట్‌ను నమ్మడం కష్టం.

అపోహ: ఒకే గుట్ట కనిపిస్తే ఆ మండలంలో నీళ్లన్నీ ఒకే తీరు.

మనుషులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. గుట్ట అంచు నునుపుగా రావడానికి సాఫ్ట్‌వేర్ ప్రతి శాంపిల్ మీద ఒక చిన్న దిబ్బ పెట్టి, అన్నిటినీ కలుపుతుంది. ఆ దిబ్బ ఎంత వెడల్పుగా ఉండాలో చెప్పేదే బ్యాండ్‌విడ్త్. అది మారితే కథే మారిపోతుంది.

ఒక మండలంలో ఎనిమిది చోట్ల నీళ్లు తీశారనుకుందాం: 0.6, 0.7, 0.8, 0.9, 2.2, 2.4, 2.5, 2.7. సగం చోట్ల నీళ్లు బాగున్నాయి, సగం చోట్ల చెడ్డవి. మధ్యలో ఒక్కటీ లేదు. సగటు తీస్తే 1.6.

బ్యాండ్‌విడ్త్ 0.2 పెడితే రెండు గుట్టలు విడివిడిగా వస్తాయి, మధ్య లోయ దాదాపు నేలను తాకుతుంది. ఈ ఎనిమిదింటిని ఒంటరిగా ఇస్తే ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ తన మామూలు సూత్రంతో ఎంచుకునేది సుమారు 0.55. అప్పుడు రెండు గుట్టలు భుజాలు కలుపుకుంటాయి, లోయ శిఖరం ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోతుంది. 0.9 పెడితే ఒకే గుట్ట. దాని శిఖరం 1.6 దగ్గర, అంటే ఒక్క శాంపిల్ కూడా లేని చోట! ఆ బొమ్మను నమ్మితే 1.2కు, 2.0కు మధ్య ఎనిమిదిలో దాదాపు రెండు బోర్లు ఉండాలి. నిజానికి ఉన్నవి సున్నా.

0.9 ఎవరు పెడతారని అడగొచ్చు. ఎవరూ చేత్తో పెట్టరు, పక్క మండలాలు పెట్టిస్తాయి. ఆర్‌లో `ggridges` ప్యాకేజీ బ్యాండ్‌విడ్త్ ఇవ్వకపోతే ప్రతి గుంపుకూ విడిగా లెక్కగట్టి, వాటి సగటును అందరికీ ఒకటే వాడుతుంది. గీసేటప్పుడు `Picking joint bandwidth of` అని కన్సోల్‌లో వచ్చే వరస అదే. ఎక్కడో ఒక మండలంలో విలువలు 1 నుంచి 9 దాకా చెల్లాచెదురుగా ఉంటే, ఆ ఒక్కటే సగటును లాగేసి మిగతా మండలాల లోయలన్నీ పూడ్చేస్తుంది. ఆ వరస కనిపించగానే చాలామంది హెచ్చరిక కాదులే అని వదిలేస్తారు. అందులో ఉన్న అంకెను చూసి, అడ్డ గీత మీద అంత దూరం ఎంతో వేలితో కొలవండి. మీరు వెతుకుతున్న తేడా అంతకంటే చిన్నదైతే బొమ్మలో అది కనిపించదు.

అలాగని మరీ తగ్గించినా తప్పే. 0.03 పెడితే ప్రతి బోరూ ఒక ముల్లు అవుతుంది, ఎనిమిది శాంపిళ్లకు ఎనిమిది రకాల నీళ్లున్నట్టు కనిపిస్తుంది. రెండు మూడు బ్యాండ్‌విడ్త్‌లతో గీసి, అన్నిట్లోనూ నిలిచే ఆకారాన్నే నమ్మాలి. గుట్ట కింద అసలు శాంపిళ్లను చుక్కలుగా చూపిస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

```r
library(ggplot2)
library(ggridges)
ggplot(df, aes(x = fluoride,
               y = reorder(mandal, fluoride, median))) +
  geom_density_ridges(bandwidth = 0.2, scale = 0.9,
    jittered_points = TRUE, position = "raincloud")
```

అపోహ: గుట్ట తోక సున్నాకు ఎడమకు పోతే డేటాలో తప్పుంది.

ఫ్లోరైడ్ సున్నాకంటే తక్కువ ఉండదు, అది నిజమే. కానీ తోక అక్కడికి పోయింది డేటా వల్ల కాదు, దిబ్బల వెడల్పు వల్ల. పై ఉదాహరణలో బ్యాండ్‌విడ్త్ 0.9 ఉంటే గుట్టలో దాదాపు పదో వంతు సున్నాకు ఎడమనే పడుతుంది. `from = 0` అని ఇస్తే అక్కడ కత్తిరించవచ్చు, బొమ్మ శుభ్రంగానూ ఉంటుంది. కానీ ఆ పదో వంతు కుడికి రాదు, కనిపించకుండా పోతుందంతే. కత్తిరించకముందు బ్యాండ్‌విడ్త్ తగ్గించి చూడడం మేలు. కుడివైపు తోకదీ ఇదే సంగతి: గుట్ట 4 దాకా సాగిందంటే 4 ఉన్న బోరు దొరికిందని కాదు.

అపోహ: గుట్టలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే ఆ మండలాలు ఒకేలా ఉన్నట్టు.

ఆ ఎక్కడం గీసినవాళ్ల ఇష్టం. `scale` 1 అయితే అన్నిట్లోకి ఎత్తైన గుట్ట పై వరస గీతను తాకి ఆగుతుంది. ఏమీ ఇవ్వకపోతే 1.8, అంటే పైకి ఎక్కుతుంది. కింది వరస ముందుకొచ్చి వెనకదాని పాదాన్ని కప్పేస్తుంది, చిన్న రెండో గుట్ట ఉంటే అందులో దాక్కుంటుంది. `scale`ను 0.9 దగ్గర ఉంచితే అందం కొంచెం తగ్గుతుంది, ఏదీ మరుగున పడదు.

అపోహ: 1.5 గీతకు కుడివైపు శిఖరం ఉన్న మండలమే ప్రమాదంలో ఉంది.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ఫ్లోరైడ్‌కు 1.0 దాకా సరే అంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఆ రెండు చోట్లా నిలువు గీతలు గీయడం మంచిదే. కానీ చదవాల్సింది శిఖరం ఏ వైపు ఉందని కాదు, గీతకు కుడివైపు ఎంత వైశాల్యం ఉందని. శిఖరం 0.8 దగ్గర ఉండి, పొడవాటి తోక కుడికి సాగిన మండలంలో మూడో వంతు బోర్లు హద్దు దాటి ఉండవచ్చు. ఆ వాటాను కంటితో అంచనా కట్టకండి, లెక్కపెట్టి పట్టికలో రాయండి. రిడ్జ్‌లైన్ ప్లాట్ ఆకారం చూపడానికే, శాతాలు చెప్పడానికి కాదు.

ఇక రెండు గుట్టలు నిజంగానే నిలిచిన మండలం కనిపిస్తే, ముందు చూడాల్సింది శాంపిల్ ఎక్కడిదన్న కాలమ్. చెరువు కింది చేదబావి నీళ్లు, రాతి పగుళ్లలోంచి తోడే లోతు బోరు నీళ్లు ఒకే పేరు కింద కలిసిపోయి ఉండొచ్చు. ఆ మండలాన్ని రెండు వరసలుగా విడగొట్టి మళ్లీ గీయండి. ఒక్కో వరసలో ఒక్కో గుట్టే మిగిలితే, తేడా బావికీ బోరుకూ మధ్యది. రెండు వరసల్లోనూ రెండేసి గుట్టలు ఉంటే, ఊరు ఊరుగా విడగొట్టి చూడాలి.