జర్మన్ సారాంశంలో క్రియ ఎక్కడ కాలం మారుస్తుంది?

జర్మనీలో మాస్టర్స్ చేసేవాళ్లు థీసిస్ ఇంగ్లిష్‌లో రాసినా, కొన్ని విభాగాలు జర్మన్‌లో చిన్న సారాంశం కూడా అడుగుతాయి. దాన్ని 'కుర్ట్స్‌ఫాసుంగ్' లేదా 'త్సుజామెన్‌ఫాసుంగ్' అంటారు. అందులో పదాలకన్నా క్రియలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఒక ఊహా ప్రయోగం తీసుకుందాం. గడ్డి కప్పిన నేలలోనూ, కప్పని నేలలోనూ తేమ ఎంతుందో కొలిచాం. ఈ వ్యాసం దేని గురించో చెప్పే మొదటి వాక్యం వర్తమానంలో ఉంటుంది: 'ఇన్ డేర్ ఫోర్‌లీగెండెన్ ఆర్బైట్ విర్డ్... ఉంటర్‌జూఖ్ట్'. వ్యాసం ఇప్పుడు పాఠకుడి చేతిలో ఉంది కాబట్టి 'విర్డ్'.

చేసిన పనికి వచ్చేసరికి కాలం మారుతుంది. 'డీ బోడెన్‌ప్రోబెన్ వుర్డెన్ 24 ష్టుండెన్ బై 105 °C గెట్రొక్నెట్': మట్టి నమూనాలను 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఎండబెట్టారు. మాటల్లో జర్మన్లు ఎక్కువగా వాడే 'జింట్ గెట్రొక్నెట్ వోర్డెన్' ఇక్కడ బరువుగా ఉంటుంది. తెలుగులో 'ఎండబెట్టాం' అంటే చేసినవాళ్లెవరో క్రియే చెబుతుంది, 'మేం' అక్కర్లేదు. జర్మన్ వాక్యానికి మామూలుగా కర్త కావాలి. 'మేం' రాయడానికి ఇష్టపడరు కాబట్టి నమూనాలనే కర్తగా నిలబెడతారు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. 'వుర్డెన్' బదులు 'వారెన్' రాస్తే 'ఎండి ఉన్నాయి' అనే అర్థం వస్తుంది. అంటే ముందే ఎండిపోయిన మట్టిలో తేమ కొలిచారా అని పరీక్షకుడికి అనుమానం. 'వుర్డెన్'లోని ఉకారాక్షరం మీద పొరపాటున రెండు చుక్కలు పడితే మరీ ప్రమాదం: 'ఎండబెట్టేవాళ్లు' అన్నట్టు, జరగని పనిలా వినిపిస్తుంది. స్పెల్ చెక్ దీన్ని పట్టుకోలేకపోవచ్చు, ఎందుకంటే రెండూ సరైన పదాలే. వచనం కూడా చూసుకోవాలి. 'నమూనాల తేమ శాతం' అన్నప్పుడు కర్త తేమ శాతం, ఏకవచనం, కాబట్టి 'వుర్డె'. క్రియకు దగ్గరగా ఉన్న 'నమూనాలు' చూసి 'వుర్డెన్' రాసేస్తుంటారు.

ఫలితాన్ని కూడా సాధారణంగా భూతకాలంలోనే చెబుతారు: గడ్డి కింద తేమ ఎక్కువగా 'వార్', అంటే ఉండింది. అది ఆ పొలంలో, ఆ రోజుల్లో కనిపించిన సంగతి. తర్వాత 'డీ ఎర్గెబ్నిస్సె త్సైగెన్, దస్...' (ఫలితాలు చూపుతున్నదేమంటే) అంటూ వర్తమానంలోకి వస్తే, గడ్డి ఎక్కడైనా నీరు ఆవిరి కావడాన్ని తగ్గిస్తుందన్న వాదన చేసినట్టు. ఒకే పొలంలో ఒకే సీజన్ కొలిచినప్పుడు అంత మాట నిలబడదు. 'త్సైగెన్' బదులు 'డాయ్టెన్ దారౌఫ్ హిన్' (అలా సూచిస్తున్నాయి) రాయడం నిజాయతీ.

ఇంకొకటి: 'ఎస్ వుర్డె గెత్సైగ్ట్' అంటే 'చూపబడింది' అని మాత్రమే. మీరు చూపారా, మీకు ముందువాళ్లు చూపారా అన్నది అందులో తెలీదు. 'ఇన్ డీజర్ ష్టూడియె' (ఈ అధ్యయనంలో) అన్న మూడు మాటలు చేర్చండి.